అడుగు కోసిన కొమ్ము

మెహ్రెజ్ దువ్వెనలు చేసేవాడు. ఐన్ బల్లూత్ సంతలో అతని కొట్టు ఎక్కడని ఎవరూ అడిగేవారు కాదు. వెంట్రుకలు కాలిన కంపు ఎటునుంచి వస్తే అటు నడిస్తే చాలు. ఎద్దుకొమ్మును నిప్పుసెగ మీద తిప్పుతూ మెత్తబరిచేటప్పుడు లేచే వాసన అది. వెంట్రుకా గోరూ గిట్టా కొమ్మూ ఒకే పదార్థం కాబట్టి కాలినప్పుడు అన్నీ ఒకేలా కంపు కొడతాయి. ఆ వాసన అతని ఉన్ని అంగీలో, మీసంలో, చివరికి అతను తినే రొట్టెలో కూడా ఉండేదని చెల్లెలు మబ్రూకా అనేది. అతనికి మాత్రం అది తెలిసేది కాదు. మనిషి తన వాసన తాను ఎరగడు, తన అలవాటునూ ఎరగడు. మెహ్రెజ్ జీవితంలో చెప్పుకోదగ్గ సంగతి ఒక్కటే జరిగింది. అది ఈ ఎరగకపోవడం వల్లనే జరిగింది.

అవి ఫ్రెంచివాళ్ళ దొరతనం నడుస్తున్న రోజులు. ఊరి చుట్టూ ఉన్న క్రుమీరీ కొండల మీద సీసాల బిరడాలకు బెరడు ఇచ్చే చెట్ల అడవి దట్టంగా ఉండేది. ఆ అడవిలో పందులు, నక్కలు, ముళ్ళపందులతో పాటు దుప్పులు కూడా ఉండేవి. ఒకప్పుడు మందలుగా తిరిగినవే, అప్పటికి వేళ్ళమీద లెక్కపెట్టేంతకు వచ్చాయి. వాటిని చంపితే జైలు. నేలమీద రాలిపడిన కొమ్ము దొరికితే మాత్రం ఏరుకోవచ్చు, అమ్ముకోవచ్చు. అడవి కచేరి వాళ్ళు అంతవరకు ఒప్పుకున్నారు.

మెహ్రెజ్ పని నేర్చింది ట్యూనిస్ నగరంలో, హ్మీదా అనే ఉస్తాదు దగ్గర. తండ్రి చిన్నతనంలోనే అతన్ని అక్కడ వదిలి వచ్చాడు. హ్మీదా కొట్టుకు రెండు రకాల సరుకు వచ్చేది: కబేళా నుంచి ఎద్దుకొమ్ములు, ఎడారి దాటి వచ్చే వర్తకుల నుంచి అప్పుడప్పుడు ఏనుగు దంతాలు. కొమ్ము చేతికి రాగానే నీళ్ళలో నానవేయాలి. లోపల ఒక ఎముక ఉంటుంది, కొమ్ము దాని మీద తొడిగిన తొడుగు. కొన్నాళ్ళకు మాంసం కుళ్ళి, తొడుగు వదులై, కత్తి ఒరలోంచి వచ్చినట్టు ఎముక ఊడి వస్తుంది. ఎముక పారేస్తారు, తొడుగు ఉంచుకుంటారు. ఆ తొడుగు తలవైపు ఉల్లిపొరంత పలచగా, బోలుగా ఉంటుంది. కొసకు పోయేకొద్దీ మందమై చివర్న గట్టి ముద్దగా ముగుస్తుంది. పశువు పుట్టిన మొదటి ఏటి పెరుగుదల కొసన ఉంటుంది, నిన్నటిది అడుగున ఉంటుంది. ఎన్నేళ్ళు బతికినా పశువు దాన్ని రాల్చదు. మొదలంటా విరిగితే మళ్ళీ మొలిపించుకోలేదు.

దంతం సంగతి వేరు. అది కొమ్మే కాదు, పల్లు. అక్కడి వాళ్ళ భాషలో దాని పేరే ఏనుగు పల్లు. ఆ పల్లు ముప్పాతిక బయట ఉండి, తక్కిన భాగం పుర్రెలో దిగి ఉంటుంది. పాతుకున్న చోట గరాటులా బోలుగా ఉంటుంది. ఏనుగు బతికున్నప్పుడు ఆ బోలులో రక్తమూ నరమూ నిండి ఉంటాయి. అక్కడ్నుంచే అది ప్రాణమున్నన్నాళ్ళూ పెరుగుతూ ముందుకు జరుగుతుంది. కొస విరిగినా వెనకనుంచి పెరుగుదల ఆగదు. అడ్డంగా కోస్తే కోసిన ముఖం మీద వలలో దారాలు దాటుకున్నట్టు సన్నని గీతలు కనిపిస్తాయి. నకిలీ సరుకును ఉస్తాదు ఆ గీతలు చూసే పట్టేవాడు. మొదలంటా తీసిన దంతం ఏదైనా చచ్చిన ఏనుగుదే. హ్మీదా ఈ మాట చెప్పినప్పుడల్లా గొంతు తగ్గించేవాడు, ఏనుగు పక్కనే నిలబడి వింటున్నట్టు.

సరుకు రెండు రకాలైనా మొదటి పని ఒక్కటే. అడుగు కోసి అవతల పడేయాలి. కొమ్ము అడుగు పలచన, దంతం అడుగు బోలు. రంపం పట్టిన మొదటి రోజున హ్మీదా నేర్పింది ఇదే. ఏళ్ళ తరబడి మెహ్రెజ్ చేయి ఇదే చేసింది. చివరికి ఈ పని బుర్రను దాటి మణికట్టులోకి దిగిపోయింది. నేర్చుకున్నది మరిచిపోయేంతగా నేర్చుకోవడమే నైపుణ్యం అని అందరూ అంటారు. అందులో ఒక ప్రమాదం కూడా ఉందని ఎవరూ అనరు.

తండ్రి పోయాక మెహ్రెజ్ ఊరికి తిరిగి వచ్చి కొట్టు పెట్టుకున్నాడు. పెళ్ళయింది. భార్య మొదటి కాన్పులోనే బిడ్డతో సహా పోయింది. మళ్ళీ చేసుకోలేదు. మిగిలిన ఒక్క రక్తసంబంధం మబ్రూకా. ఆమెను లజ్హర్ అనే బొగ్గులు కాల్చేవాడికి ఇచ్చారు.

లజ్హర్ నవ్వించే మనిషి. బొగ్గు మసి మధ్య పళ్ళు తెల్లగా మెరిసేవి. కొట్టు ముందుకు వచ్చి ముక్కు మూసుకుని, "బావా, ఈ కంపుకి దెయ్యాలు కూడా చుట్టుదారిన పోతున్నాయంట, ఊరికి తాయెత్తులు అక్కర్లేదు" అనేవాడు. అతనిలో మెహ్రెజ్ పెద్దగా మెచ్చుకున్నదేమీ లేదు. పని మీద నిలకడ తక్కువ, నోటి మీద అదుపు తక్కువ. కానీ అతను గడప దాటి వస్తే ఇంటికి వెలుగు వచ్చేది. అది మెచ్చుకోలు కాదు, చూసిన సంగతి.

పెళ్ళైన కొత్తలో లజ్హర్ ఒక ఆడదుప్పిని ఉచ్చు వేసి చంపాడు. ఒక చలికాలమంతా జైల్లో ఉండి దగ్గుతో తిరిగి వచ్చాడు. ఆ దగ్గు మళ్ళీ పోలేదు. వచ్చిన రోజు మబ్రూకా అతన్ని లోపలికి రానివ్వలేదు. పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టెను గడప మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసి ఇక దుప్పి జోలికి పోనని చెప్పమంది. లజ్హర్ వేళ్ళు కాలుతున్నా చెయ్యి తీయకుండా ఆ మాట చెప్పాడు. ఆ తరువాతే ఆమె పక్కకు జరిగింది. అప్పటినుంచి ఆమెకు ఆ సంసారం అంటే ఆ మాటే. తప్పినవాడితో ఉండనని ఎప్పుడూ నోటితో అనలేదు. అనాల్సిన అవసరం కనపడలేదు.

ఏళ్ళు గడిచాయి. ఒక వసంతం మొదట్లో లజ్హర్ గోనెసంచిలో చుట్టిన ఒక దుప్పికొమ్మును తెచ్చి బావ ముందు పెట్టాడు. ఒంటి కొమ్ము, చేయి చాచినంత పొడవు, పైన చీలి పంగలు పంగలుగా ఉంది.

"పెద్దాయన తలపాగా తీసేసి వెళ్ళిపోయాడు బావా. వాగు పక్కన గన్నేరు పొదలో పడుంది. రెండోదాని కోసం మోకాళ్ళు అరిగేదాకా వెతికాను."

రెండూ ఒకేచోట దొరకవు. ఒకటి రాలిన కొన్నాళ్ళకు మరెక్కడో రెండోది రాలుతుంది. అడవిలో తిరిగేవాళ్ళకు అది తెలిసిందే. దుప్పి కొమ్ము తొడుగు కాదు, పల్లూ కాదు. అది ఎముక. నూగు చర్మం కప్పుకుని, వెచ్చని రక్తం తాగుతూ కొస దగ్గర పెరుగుతుంది. ఎండాకాలం ముగిసేసరికి ఎముక గట్టిపడి, పైచర్మం ఎండిపోతుంది. మగదుప్పి దాన్ని చెట్లకు రాసుకుని పీలికలుగా ఊడదీస్తుంది. అప్పటినుంచి తల మీద ఉన్నది నిజానికి చచ్చిన ఎముక. చచ్చినదాన్ని మోస్తూనే అది చలికాలం ముందు తోటి మగవాటితో పోట్లాడుతుంది, జత కడుతుంది. వసంతం రాగానే తలతో అతుకు దగ్గర ఎముక లోపలినుంచి కరిగి, ఏ కొమ్మకో తగిలినంత మాత్రాన ఊడిపడుతుంది. కాసింత రక్తం కారి పొక్కు కడుతుంది. దాని కిందే కొత్తది మొదలవుతుంది. ఆవు బతుకంతా కూడబెట్టుకునేదాన్ని దుప్పి ఏటా పారేసి, ఏటా మొదటినుంచి కట్టుకుంటుంది.

ఇదంతా మెహ్రెజ్‌కు వినికిడిగా తెలుసు. కానీ ఆవుకున్నదానికీ దుప్పికున్నదానికీ అక్కడి నోట పేరు ఒక్కటే: ఖర్న్. కొట్టులోకి వచ్చింది ఖర్న్. బేజా పట్టణంలో కత్తులు చేసేవాడొకడు పిడులకు దుప్పికొమ్ము కావాలని కబురు పెట్టి ఉన్నాడు. మెహ్రెజ్ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఏ పంగకు ఎన్ని పిడులు వస్తాయో కళ్ళతో కొలుచుకున్నాడు. బావమరిది ఏదో నవ్వులాట చెబుతున్నాడు. మెహ్రెజ్ వింటూనే కొమ్మును కాళ్ళ మధ్య బిగించి, రంపం తీసి, అడుగు కోసేశాడు. కోస్తున్నప్పుడు వెంట్రుకల కంపు రాలేదు. ఎముకపొడి ఘాటు ముక్కుకు తగిలింది. రంపం మామూలుకన్నా బరువుగా నడిచింది. కొమ్ములో అడుగు పలచన. ఇందులో అడుగే అన్నిటికన్నా గట్టి. చేతికి ఆ తేడా తెలిసింది, కానీ చెయ్యి ఆగలేదు. తెగిన ముక్క చెత్తబుట్టలో పడింది. మిగిలిన కాండాన్ని నీళ్ళ తొట్టిలో నానవేసి అతను రొట్టె తినడానికి లేచాడు.

బుట్టలోని చెత్తను ఎప్పటిలాగే కూరతోట హసూనా గాడిద మీద వేసుకుపోయాడు. కొమ్ము రజను, ముక్కలు మట్టిలో నెమ్మదిగా కుళ్ళి ఉల్లిమళ్ళకు బలమిస్తాయి.

ఆ తరువాత సంతరోజున అడవి కాపలావాడు అమర్ కొట్టు ముందు వచ్చి నిలబడ్డాడు. వెనకాల గుర్రం మీద అడవి దొర. ఆ దొర చాలా ఏళ్ళుగా ఆ కొండల్లోనే ఉండి అరబ్బీ మాట్లాడేవాడు. ఎవరినీ ఊరికే తిట్టేవాడు కాదు, ఎవరినీ ఊరికే వదిలేవాడూ కాదు. వాగుకు ఎగువన ఒక పెద్ద మగదుప్పి కళేబరం దొరికిందని అమర్ చెప్పాడు. తల లేదట, ఎవరో నరికి పట్టుకుపోయారట. కొమ్ములు ఎక్కడ అమ్ముడుపోతాయో చూడాలని చుట్టుపక్కల కొట్లన్నీ తిరుగుతున్నారు. అమర్ నీళ్ళ తొట్టిలో చెయ్యి పెట్టి కాండాన్ని పైకి తీశాడు. నీళ్ళు కారుతున్న ఆ కొమ్ము అడుగు రంపంతో కోసి నున్నగా ఉంది.

ఎవరు తెచ్చారని దొర అడిగాడు. దాచడానికి ఏమీ లేదనుకున్న మెహ్రెజ్ లజ్హర్ పేరు చెప్పాడు. అది చెప్పాక గానీ అమర్ ముఖం మారడం గమనించలేదు. లజ్హర్‌ను మొదటిసారి పట్టుకున్నదీ అమరే.

దొర గుర్రం దిగి కొమ్మును చేతిలోకి తీసుకున్నాడు. రాలిన కొమ్ముకు ఒక అడుగు ఉంటుందని నిదానంగా చెప్పాడు. చుట్టూ పూసల్లాంటి బొడిపెల వలయం, కింద బొటనవేలి కండలా కొద్దిగా ఉబ్బి గరుకుగా ఉండే ముఖం. చంపి తీసిన కొమ్ముకైతే ఆ అడుగు కింద పుర్రె ముక్క అతుక్కుని ఉంటుంది. కాబట్టి దొంగ చేసే మొదటి పని ఆ అడుగును పైనుంచి కోసేయడం.

"దొంగ కోసినట్టే ఉంది ఇది," అన్నాడు.

"నేను కోశాను దొరా."

"నువ్వా? ఎందుకు కోశావు? గట్టి భాగమే అది గదా. పిడికి అదే పనికొస్తుంది."

మెహ్రెజ్ దగ్గర జవాబు ఉంది. అయితే అది నోట్లోంచి వచ్చాక అతనికే అబద్ధంలా వినిపించింది.

"అలవాటు."

అమర్ నవ్వలేదు. మబ్రూకా వాళ్ళ అన్న కాబట్టి ఏదో ఒకటి చెప్పాలి గదా అని మాత్రం దొర వినేట్టు గొణిగాడు. అడుగు ముక్క తెచ్చి చూపిస్తే అప్పుడు మాట్లాడదామని, అందాకా లజ్హర్‌ను పట్టుకుపోతానని దొర చెప్పాడు. ఆ మాటలో న్యాయం ఉందని మెహ్రెజ్‌కు తెలుసు. తప్పుపట్టడానికి ఎదుట ఎవరూ మిగలకపోవడమే ఆ రోజు అతన్ని అన్నిటికన్నా బాధించింది.

లజ్హర్‌ను బొగ్గుల బట్టీ దగ్గరే పట్టుకున్నారు. ఊళ్ళోంచి నడిపించుకు పోతుంటే మబ్రూకా వాకిట్లో నిలబడి చూసింది. అతను ఆమె వైపు చూసి, తాను ఏమీ చేయలేదని, రొట్టె మీద చెప్పిన మాట ఇంకా కాలుతూనే ఉందని అన్నాడట. ఆ సాయంత్రం ఆమె అన్న దగ్గరికి వచ్చి ఒక్కటే అడిగింది.

"నువ్వు చూశావా అన్నా, అడుగు? కోసే ముందు."

మెహ్రెజ్ చూశాననబోయి ఆగాడు. చూశాడా? కొమ్మును తిప్పి చూసిన మాట నిజం. పంగలు గుర్తున్నాయి, ఒక పంగ మీద గీత గుర్తుంది, గోనెసంచి మీద ఆకుపచ్చని మరక కూడా గుర్తుంది. అడుగు గుర్తులేదు. దొర వర్ణించిన తరువాత మాత్రం బొడిపెలు, ఉబ్బు అన్నీ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తున్నాయి. అవి తాను చూసినవో, విన్న మాటకు మనసు గీసిన బొమ్మో తేల్చుకోలేకపోయాడు. కన్ను తనకు కావాల్సిందే చూస్తుంది. జ్ఞాపకం తరువాత కావాల్సినవన్నీ చేర్చుకుంటుంది. చేతికి మాత్రం ఏమీ గుర్తుండదు. అలవాటు జ్ఞాపకం అక్కర్లేకుండా పని చేసే ఏర్పాటు. ఆ రెండు మూడు క్షణాల మౌనాన్ని మబ్రూకా చూసింది. "చూశాను" అని అతను చివరికి అన్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

మర్నాడు పొద్దున్నే అతను హసూనా తోటకు వెళ్ళాడు. హసూనా ఉల్లిమడి చూపించాడు. ఇద్దరూ పారలతో తిరగేశారు. సగం కుళ్ళిన కొమ్ము చీలికలు, గిట్ట ముక్కలు, దువ్వెన పళ్ళ మధ్య రాలిన రజను పైకి వచ్చాయి. అవన్నీ నానిన గోళ్ళలా మెత్తగా ఉన్నాయి. దుప్పికొమ్ము ముక్క లేదు. మడికట్టు మీద కూర్చుని చూస్తున్న హసూనా భార్య దూజా, ఏం వెతుకుతున్నారో విని లేచి వచ్చింది. ఆమె కుండలు చేసే మనిషి. మోచేతుల దాకా బంకమన్ను ఎండి ఉంది.

"ఆ ముక్కా? అది కొమ్మేంటి మెహ్రెజ్, ఎముక. నేనే ఏరి పక్కన పెట్టా. ఎముక ఎన్నేళ్ళు పాతినా కుళ్ళి చావదు, తగిలితే పార అంచు పోతుంది. మొన్న కుండలు కాల్చినప్పుడు ఆవంలో పడేశా."

దువ్వెనలవాడికి తెలియని తేడా ఉల్లిమళ్ళు పెంచేవాళ్ళకు తెలుసు. మెహ్రెజ్‌కు సిగ్గు కలగలేదు. దానికి తీరిక లేదు. ఆవం ఎక్కడని అడిగాడు.

ఇంటి వెనక గుంట. పేడపిడకలూ బెరడు ముక్కలూ పేర్చి, మధ్యలో కుండలు పెట్టి కాల్చిన చోటు. కుండలు తీసేశారు, బూడిద అలాగే ఉంది. మెహ్రెజ్ మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో బూడిదను పలచగా పక్కకు తోయడం మొదలుపెట్టాడు. కొమ్ము నిప్పులో పడితే ఉబ్బి నల్లగా కరిగి కంపు కొట్టి మాయమవుతుంది. ఎముక అలా కాదు. దానిలోని జిగురు కాలిపోయినా సున్నం మిగులుతుంది, ఆకారం మిగులుతుంది. అది అతనికి తెలుసు. ఆశ అంతా దాని మీదే.

అది కనిపించింది.

బూడిదలో సగం కూరుకుని, సుద్దలా తెల్లగా, ఒక్క ముక్కగానే ఉంది. పైన అతని రంపం గీసిన చదును. చుట్టూ బొడిపెల వలయం, పూస పక్కన పూసగా. కింద ముఖం మీద పుర్రె ముక్క జాడ లేదు. కొద్దిగా ఉబ్బి, గరుకుగా, సన్నని గుంటలతో, తనంతట తాను విడివడిన ముఖం. దొర చెప్పింది చెప్పినట్టు ఉంది. దుప్పి బతికి ఉండగానే, తలను దులుపుకుని వదిలేసి, ఎటో నడిచి వెళ్ళిపోయింది. లజ్హర్ చెప్పింది నిజం. మెహ్రెజ్ ఈసారి కళ్ళతో కాదు, ఒంటితో చూశాడు.

దూజాను పిలిచి ఉండాల్సింది. అమర్‌ను, దొరను, ఊరందరినీ పిలిచి ఆ గుంట చుట్టూ నిలబెట్టి ఉండాల్సింది. తరువాత బతికినన్నాళ్ళూ అతను ఈ వాక్యాన్ని ఎన్ని విధాలుగా కట్టుకున్నాడో లెక్కలేదు. కానీ విలువైన వస్తువు నేలమీద కనిపించినప్పుడు పనివాడి చెయ్యి చేసేది ఒక్కటే. అతను రెండు వేళ్ళతో దాన్ని పట్టుకుని ఎత్తాడు.

చప్పుడు కూడా రాలేదు. వేళ్ళ మధ్య అది తెల్లటి పొడి అయింది. ఒకటి రెండు పూసలు అరచేతిలో పడి, చూస్తుండగానే అవీ చితికిపోయాయి.

ఏం దొరికిందని దూజా వెనకనుంచి అడిగింది. అతను చెయ్యి చాపి చూపించాడు. ఆమె చూసి, అంత కాలాక ఎముక నిలవదని, పొడి అవసరమైతే ఇంకా ఉందని చెప్పింది.

ఆ పొడిని రుమాలులో మూటగట్టి అతను అడవి కచేరికి నడిచాడు. దొర మూట విప్పి, వేలితో కదిపి, మళ్ళీ అలాగే మడిచి ఇచ్చేశాడు. అతను ఎగతాళి చేయలేదు. మెహ్రెజ్ చెప్పినదంతా ఓపిగ్గా విన్నాడు. బొడిపెలు ఎలా ఉన్నాయో, ముఖం ఉబ్బుగా ఉందా లోతుగా ఉందా అని ప్రశ్నలు కూడా వేశాడు. అన్నిటికీ సరైన జవాబులే వచ్చాయి.

"నువ్వు చెప్పింది సరిగ్గానే ఉంది," అన్నాడు దొర. "కానీ ఇవన్నీ నిన్న నేనే నీకు చెప్పాను."

బేజా కోర్టులో విచారణ ఎంతోసేపు సాగలేదు. పాత శిక్ష ఒకటి ఉండటం, కోసిన కొమ్ము దొరకటం, తలలేని కళేబరం, సాక్షి ముద్దాయికి బంధువు కావటం. లజ్హర్ తప్పు ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని ఎవరో సలహా ఇచ్చారు. అతను ఒప్పుకోలేదు. చేయనిది చేశానంటే మబ్రూకా వింటుందని, శిక్ష ఎక్కువైనా ఫర్వాలేదని చెప్పాడట. రెండోసారి కాబట్టి రెండు చలికాలాలు దాటేంత శిక్ష వేశారు.

జైలుకు మెహ్రెజ్ రొట్టె, ఆలివులు, పాత దుప్పటి పట్టుకుపోయాడు. కటకటాల అవతల లజ్హర్ ముఖం మీద మసి లేదు. మసి లేని అతని ముఖాన్ని చూడటం మెహ్రెజ్‌కు అదే మొదటిసారి. అది ఎంత పాలిపోయి ఉందో అప్పుడు తెలిసింది. ఎలా ఉన్నావని అడిగితే, ఇక్కడ వాసన బాగానే ఉంది, నీ కొట్టుకన్నా నయం అన్నాడు. తరువాత గొంతు తగ్గించాడు.

"బావా, నిజంగా చూశావా? బూడిదలో?"

"చూశాను."

"ఉబ్బుగానే ఉందా?"

"ఉబ్బుగానే ఉంది. పుర్రె ముక్క లేదు. పూసలన్నీ ఉన్నాయి."

లజ్హర్ కళ్ళు మూసుకుని తల ఊపాడు. అతనికి తాను చంపలేదని తెలుసు. అయినా మరొకరి నోట వినడం వేరు. ఒంటరిగా మోసే నిజం కొన్నాళ్ళకు మోసేవాడికే అనుమానంగా మారుతుంది.

"అది చెప్పు దానికి. నువ్వు చెబితే నమ్ముతుంది. నేను చెబితే నమ్మదు."

మెహ్రెజ్ చెప్పాడు. మబ్రూకా పిండి పిసుకుతూ విన్నది. చెప్పడం అయ్యాక, ఆ రోజు అడిగినప్పుడు ఎందుకు అంతసేపు ఆలోచించావని మాత్రం అడిగింది. దానికి నిజమైన జవాబు అతను చెప్పాడు: అప్పుడు గుర్తులేదు, బూడిదలోనే చూశాను. ఆమె తల ఊపి పిండి పిసకడం సాగించింది. అందులో ఒప్పుకోలు ఉందో లేదో అతనికి అర్థం కాలేదు.

లజ్హర్ తిరిగి వచ్చాడు. మబ్రూకా అతన్ని లోపలికి రానిచ్చింది. ఈసారి గడప మీద రొట్టె పెట్టలేదు. పెట్టకపోవడం క్షమ అని ఊరంతా అనుకుంది. లజ్హర్ అలా అనుకోలేదు. మాట అడిగినప్పుడు అది నిలుస్తుందన్న నమ్మకం ఉంటుంది. అడగనప్పుడు అదీ ఉండదు. ఆమె అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది, దగ్గు వచ్చినప్పుడు వీపు రాసింది. చిన్నప్పటినుంచి ఆమెను ఎరిగిన మెహ్రెజ్‌కు, ఆమె చేసినవన్నీ బాకీ తీర్చేదాని పనుల్లా కనిపించేవి. లజ్హర్ నవ్వులాటలు సన్నగిల్లాయి. సంతకు వచ్చినప్పుడు కొట్టు ముందు ఊరికే కూర్చునేవాడు. వాసన గురించి ఇక ఎప్పుడూ ఏమీ అనలేదు. ఒకసారి మాత్రం, తప్పు నీ రంపానిది కాదు బావా, నేనే దాన్ని ఇంట్లో ఉంచుకుని ఉండాల్సింది అన్నాడు. తప్పు తనదని వాదించి గెలిచినా ఎవరికీ ఒరిగేదేమీ లేదని మెహ్రెజ్‌కు అప్పటికి తెలిసింది.

తరువాతి వసంతంలో లజ్హర్ అడవిలోకి పోలేదు. ఆపై వచ్చిన చలికాలంలో దగ్గుతో నెత్తురు పడింది. వాన ఆగని ఒక మధ్యాహ్నం అతను పోయాడు. ఊరి మగవాళ్ళు బురదలో పాడె మోసుకుపోయి పూడ్చిపెట్టి వచ్చారు. మెహ్రెజ్ చేతులు కడుక్కుని చెల్లెలి ఇంట్లోకి వెళ్ళాడు. ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి పోతున్నారు. చివరికి ఇద్దరే మిగిలారు. మబ్రూకా చాప మీద గోడకు ఆనుకుని కూర్చుంది. ఏడ్చి ముగించినట్టుంది, లేదా మొదలుపెట్టలేదు.

"అన్నా, ఇప్పుడాయన లేడు గదా. ఇంక ఎవరికీ నష్టం లేదు. నాకొక్కదానికి నిజం చెప్పు. చంపాడా?"

మెహ్రెజ్ ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఆవం గుంట, బూడిద, తెల్లటి ముక్క, వలయం, పూసలు, ఉబ్బిన ముఖం. అన్నీ మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. ఎక్కడా ఒక్క మాట మార్చలేదు. తాను ఎత్తగానే పొడైన సంగతి కూడా చెప్పాడు. ఇంతకుముందెన్నడూ ఏ మాటా అంత జాగ్రత్తగా చెప్పి ఎరగడు. ఆమె అతని చేతుల వైపు చూస్తూ కడదాకా విన్నది.

"నువ్వు మంచోడివి అన్నా," అంది. "ఆయన చంపినా నాకోసం ఇదే చెబుతావు. అందుకే నమ్మలేను."

బయట వాన పడుతూనే ఉంది. ఆమె లేచి, అన్న రోజంతా ఏమీ తినలేదని గుర్తు చేసుకుని, పొయ్యి రాజేయడానికి లోపలికి వెళ్ళింది.